రోజుకు ఒక్క ఆర్డర్ వచ్చే చోట యాడ్ ఆపే రూల్ ఎంత దగ్గర పెట్టాలి?

ప్రశ్న: "అన్నా, గద్వాల చీరలు మా వెబ్‌సైట్‌లో అమ్ముతున్నాం. మెటా యాడ్స్‌కు రోజుకు ₹800 పెడుతున్నా. ఒక ఆర్డర్‌కు ₹700 దాకా ఖర్చయినా మాకు గిట్టుబాటే. ఈ రోజు ఖర్చు ₹400 దాటినా ఆర్డర్ రాకపోతే ఆ యాడ్ ఆపేయమని రూల్ పెట్టిన. పది రోజుల్లో నాలుగు యాడ్సూ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. లెక్కలు ఇవి: మగ్గం వీడియో ₹2,900కు 4 ఆర్డర్లు, అంచు క్లోజప్ వీడియో ₹2,300కు 3, ఫోటోల యాడ్ ₹1,250కు 2, మా వదిన చీర కట్టుకుని మాట్లాడిన వీడియో ₹850కు సున్నా. ₹400 బదులు ఎంత పెట్టాలి? ఖర్చు చెయ్యి దాటొద్దు, పొద్దస్తమానం ఫోన్ చూసే టెన్షన్ కూడా ఉండొద్దు."

జవాబు:

తమ్మీ, ముందు ఒక మాట. ఆగిపోయిన ఫోటోల యాడ్‌నే చూడు, ₹1,250కు 2 ఆర్డర్లు అంటే ఒక్కోటి ₹625 పడింది. నువ్వు గిట్టుబాటు అనుకున్న ₹700 కన్నా తక్కువ. నాలుగింటిలో చవకగా ఆర్డర్ తెచ్చింది అదే, దాన్ని కూడా రూల్ ఆపేసింది. అంటే ఆ రూల్ చెడ్డ యాడ్‌ను పట్టుకోవడం లేదు, ఆర్డర్ రాని రోజును పట్టుకుంటోంది. ఈ రెండూ ఒకటి కాదు, నీ ప్రశ్నకు జవాబంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఒక యాడ్ నిజంగా మంచిదే అనుకుందాం, సగటున ₹700కు ఒక ఆర్డర్ తెస్తుంది. దాని మీద ₹400 ఖర్చయ్యేసరికి మనం ఆశించాల్సింది అర ఆర్డర్ కన్నా కొంచెం ఎక్కువ, 400ను 700తో భాగిస్తే 0.57. కానీ అర చీర ఎవరూ కొనరు కదా, వస్తే ఒకటి వస్తుంది, లేకపోతే సున్నా. ఇలా అరుదుగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరిగేవాటిలో సున్నా వచ్చే అవకాశానికి ఒక చిన్న లెక్క ఉంది, ఇందులో e అంటే సుమారు 2.718:

```
సున్నా వచ్చే అవకాశం = e^(-ఖర్చు / సగటు ఆర్డర్ ఖర్చు)
e^(-400/700) = 0.56
```

అంటే మంచి యాడ్ కూడా ₹400 ఖర్చయిన రోజుల్లో నూటికి 56 సార్లు ఒక్క ఆర్డర్ లేకుండా ఉంటుంది. బొమ్మా బొరుసా వేసి ఆపినా ఇంతకన్నా మేలు. పైగా నువ్వు సమయం "ఈ రోజు" అని పెట్టావు కాబట్టి ప్రతి తెల్లవారికీ పాత ఆర్డర్లన్నీ చెరిగిపోయి, యాడ్ మళ్లీ సున్నా నుంచి పరీక్ష రాయాలి. రోజూ ₹400 అందుకునే మంచి యాడ్ రెండు రోజులు వరుసగా బతికి ఉండే అవకాశం నూటికి 19 మాత్రమే. పది రోజుల్లో నాలుగూ ఆగిపోవడంలో ఆశ్చర్యం ఏమీ లేదు, మెటా కొన్ని రోజులు ఒక్కో యాడ్‌కు ₹400 కన్నా తక్కువ ఇచ్చింది కాబట్టే అన్ని రోజులు లాగాయి.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. గిన్నెలోని బియ్యం అంతా ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడుకుతుంది కాబట్టి ఆ మాట అక్కడ నిజం. కొనేవాళ్ల విషయంలో అది పనిచేయదు. ఒక రోజు వచ్చిన ముప్పై మందిలో ఎవరూ కొనకపోవచ్చు, మరుసటి రోజు పెళ్లి పెట్టుకున్న ఇంటి నుంచి ఒక్కరే మూడు చీరలు తీసుకోవచ్చు.

నీకు తగిలిన ఇంకో దెబ్బ రూల్ ఎన్నిసార్లు చూస్తుందన్నది. `Continuously` అని పెడితే అది సుమారు అరగంటకోసారి చూస్తుంది. చీరలు కొనేవాళ్లు ఎక్కువగా పిల్లలు పడుకున్నాక, రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య ఆర్డర్ పెడతారు, కనీసం నేను చూసిన ఖాతాల్లో అంతే. మధ్యాహ్నానికే ₹400 దాటితే నీ రూల్ రాత్రి దాకా ఆగదు, అక్కడే కోసేస్తుంది. రాత్రి పదింటికి రెండు ఆర్డర్లు రావాల్సిన యాడ్ మధ్యాహ్నం మూడింటికే పడుకుంటుంది, ఆ ఆర్డర్లు వచ్చేవని మనకు ఎప్పటికీ తెలియదు కూడా. తప్పుగా నడిచిన యాడ్ ఖర్చు కనిపిస్తుంది, తప్పుగా ఆగిన యాడ్ నష్టం ఏ కాలమ్‌లోనూ కనిపించదు, అందుకే చాలామంది ఆపే రూల్స్ బాగా పనిచేస్తున్నాయనే నమ్ముతారు.

ఇప్పుడు ఆలస్యం సంగతి, ఇది చీరల వాళ్లకు మిగతావాళ్లకన్నా ఎక్కువ. ₹6,000 చీరను చూసిన వెంటనే కొనరు. శుక్రవారం లింక్ నొక్కి చూస్తారు, స్క్రీన్‌షాట్ తీసి అక్కకు పంపుతారు, ఆదివారం ఇంట్లో మాట అయ్యాక ఆర్డర్ పెడతారు. మెటా ఆ ఆర్డర్‌ను ఆదివారం కింద రాయదు, యాడ్ చూసిన శుక్రవారం కింద రాస్తుంది. మామూలుగా ఉండే సెట్టింగ్‌లో క్లిక్ తర్వాత ఏడు రోజుల దాకా, నొక్కకుండా చూసిన తర్వాత ఒక రోజు దాకా వచ్చిన ఆర్డర్‌ను ఆ యాడ్ ఖాతాలో వేస్తుంది. అందుకని శుక్రవారం రాత్రి చూస్తే శుక్రవారం లెక్క ఎప్పుడూ చెడ్డగానే ఉంటుంది, వారం తర్వాత అదే శుక్రవారాన్ని చూస్తే బాగుపడి ఉంటుంది. నీ సైట్‌లో ఇది ఎంత అన్నది నువ్వే చూసుకోవచ్చు. ఒక నోట్‌బుక్ తీసుకుని, సోమవారం నాటి ఖర్చు, ఆర్డర్లు మంగళవారం పొద్దున రాసుకో, అదే సోమవారాన్ని మళ్లీ వచ్చే మంగళవారం తెరిచి పక్కన రాయి. అలా నాలుగైదు రోజులకు చేస్తే చాలు. మంగళవారం 5 కనిపించి, వారానికి 8 అయ్యాయనుకో, నీ తాజా లెక్కలో ప్రతి ఎనిమిదిలో మూడు ఇంకా దారిలో ఉన్నాయన్నమాట, "ఈ రోజు" మీద నడిచే రూల్ ఆ మూడింటినీ చూడకుండానే తీర్పు చెబుతోంది.

దీనికి తోడు వాట్సాప్. మన పాలమూరు వైపు సగం మంది సైట్‌లో చీర చూసి, నంబర్ పట్టుకుని, "ఈ రంగులో పెద్దంచు ఉందా" అని మెసేజ్ పెట్టి, యూపీఐలో పైసలు కొట్టి కొంటారు. సైట్‌లో పడ్డ ఆర్డర్లను మెటాకు చెప్పే పిక్సెల్ కోడ్‌కు ఆ ఆర్డర్ తెలియదు, రూల్‌కు అంతకన్నా తెలియదు. నువ్వు చెప్పిన 9 ఆర్డర్లలో వాట్సాప్‌వి ఉన్నాయో లేదో రాయలేదు. లేకపోతే ₹7,300కు 9, అంటే ఒక్కోటి ₹811 అని నువ్వు బాధపడుతున్న అంకె నిజానికి అంత చెడ్డది కాకపోవచ్చు. వాట్సాప్‌లో వచ్చే ప్రతి ఒక్కరినీ "మా చీర ఎక్కడ చూశారమ్మా" అని అడిగి రాసుకో, రెండు వారాలు.

సరే, ఎంత పెట్టాలి?

ఒక్క ఆర్డర్ కూడా రాని యాడ్‌కు నేను పెట్టే గీత, గిట్టుబాటు ఖర్చుకు మూడింతలు. నీకు ₹2,100. అదే లెక్క వేస్తే మంచి యాడ్ ₹2,100 ఖర్చయ్యాక కూడా సున్నా దగ్గర ఉండే అవకాశం నూటికి 5. రెండింతలు, అంటే ₹1,400 పెడితే నూటికి 13 లేదా 14. ₹700 పెడితే 37. నేను ఐదు దగ్గర ఆగుతాను, డబ్బు మరీ బిగుతుగా ఉంటే పద్నాలుగు దాకా ఒప్పుకుంటాను, ₹1,400 కిందికి మాత్రం దిగను. సమయం `Maximum` పెట్టు, అంటే యాడ్ పుట్టినప్పటి నుంచి మొత్తం, అప్పుడు ప్రతి రోజూ పరీక్ష మొదటి నుంచి మొదలవదు. షెడ్యూల్ `Continuously` తీసేసి `Daily` పెట్టు.

```
Turn off ads
Spent > ₹2,100
Results < 1
Time range: Maximum
Schedule: Daily
```

ఇక్కడ ఒక చిన్న గుంట ఉంది. చాలామంది "ఒక్కో ఆర్డర్ ఖర్చు ₹700 దాటితే ఆపు" అని ఒకే రూల్ పెట్టుకుని నిశ్చింతగా ఉంటారు. ఆర్డర్లు సున్నా అయితే ఒక్కో ఆర్డర్ ఖర్చు అనే అంకే ఉండదు, దేన్నైనా సున్నాతో భాగించలేం కదా, కాబట్టి అన్నిటికన్నా చెడ్డ యాడే ఆ రూల్‌కు దొరక్కుండా జారిపోతుంది. గూగుల్ యాడ్స్‌లో అయితే అక్కడ ఏకంగా సున్నా రూపాయలు అని కనిపిస్తుంది, చూసేవాళ్లకు భలే చవక అనిపిస్తుంది. అందుకే సున్నా ఆర్డర్లకు ఒక రూల్, కొన్ని ఆర్డర్లు వచ్చినవాటికి ఇంకో రూల్ వేరుగా ఉండాలి.

ఆ రెండోది ఇలా పెట్టుకో: గత 14 రోజుల్లో ఖర్చు ₹4,200 దాటాలి, ఒక్కో ఆర్డర్ ఖర్చు ₹2,000 దాటాలి, రెండూ జరిగితేనే. ₹4,200 ఎందుకంటే మంచి యాడ్‌కు అక్కడ ఆరు ఆర్డర్లు రావాలి, ఆరు రావాల్సిన చోట రెండో ఒకటో వస్తే అది వట్టి దురదృష్టం అయ్యే అవకాశం నూటికి 6 మాత్రమే. అదే ఒక్కో ఆర్డర్‌కు నిజంగా ₹2,100 తినే చెడ్డ యాడ్ అయితే, ఆ గీత దగ్గర నూటికి 68 సార్లు దొరుకుతుంది. మిగతా 32 సార్లు తప్పించుకుంటుంది, అవును. తక్కువ డేటాలో మంచిని కాపాడుతూ చెడును మొత్తం పట్టే అంకె లేదు, ఒకటి బిగిస్తే రెండోది వదులవుతుంది. ₹700 గీతనే ఉంచి బిగిద్దామనుకుంటే మంచి యాడ్ కూడా సగానికి దగ్గరగా గీత అవతలే ఉంటుంది, ఎందుకంటే సగటు అంటేనే కొన్నిసార్లు పైన, కొన్నిసార్లు కింద.

ఇప్పుడు నువ్వు అడగాల్సిన అసలు ప్రశ్న వస్తుంది. రోజుకు ₹800ను నాలుగు యాడ్స్‌కు పంచితే ఒక్కోదానికి ₹200. ₹2,100 చేరడానికి పదిన్నర రోజులు పడుతుంది. అంటే ఒక్క తీర్పు చెప్పడానికి పదిన్నర రోజులు, దాని మీద ఆలస్యంగా వచ్చే ఆర్డర్లకు ఇంకో నాలుగైదు రోజులు. మన దగ్గర బోర్లు వేసేవాళ్లకు ఇది తెలుసు: చేతిలో ఉన్న పైసలతో నాలుగు చోట్ల డెబ్బై డెబ్బై అడుగులు వేసి నీళ్లు లేవనడం కన్నా, రెండు చోట్ల లోతుగా వేయడం నయం. నీ బడ్జెట్‌కు ఒకేసారి రెండు యాడ్స్ చాలు. ఒక్కోదాన్ని వేరే యాడ్ సెట్‌లో పెట్టి చెరో ₹400 ఇవ్వు. ఒకే సెట్‌లో పెడితే మెటా తనకు తోచిన దానికి ఎక్కువ ఇచ్చి రెండోదాన్ని ఎండగడుతుంది, మీ వదిన వీడియోకు జరిగింది అదే, పది రోజుల్లో ₹850 మాత్రమే దక్కింది. చెరో ₹400 అయితే ఐదారు రోజుల్లో ₹2,100 గీత దగ్గరికి వస్తావు.

ఆ వీడియో గురించి కూడా చెప్పాలి. ₹850కు సున్నా అంటే చెడ్డదని నువ్వు తీసేసి ఉంటావు. మంచి యాడ్ కూడా ₹850 దగ్గర సున్నాతో ఉండే అవకాశం నూటికి 30. అది చెడ్డదని తేలలేదు, దాని వంతు ఇంకా రాలేదు, అంతే. అలాగే 4, 3, 2 ఆర్డర్ల మధ్య తేడా చూసి మగ్గం వీడియోనే గొప్పదని కూడా అనుకోవద్దు, ఒక్క ఇంట్లో అక్కచెల్లెళ్లు ఇద్దరు కొంటే ఆ వరుస తారుమారవుతుంది.

మెటా వాళ్లే చెప్పే లెక్క ఒకటి ఉంది, యాడ్ ఎవరికి చూపాలో యాడ్ సెట్ నేర్చుకునే దశ దాటాలంటే వారంలో సుమారు 50 ఫలితాలు కావాలని. నీకు వారానికి ఆరేడు. నీ ఖాతాలో `Learning limited` అని కనిపిస్తూనే ఉంటుంది, దానికి కంగారు పడొద్దు, చీరలమ్మే చిన్న ఖాతాలు అలాగే నడుస్తాయి. కాకపోతే ఆ దశలో ఫలితాలు ఇంకా ఎక్కువ ఊగుతాయి, యాడ్ సెట్‌ను ఏడు రోజులు లేదా అంతకన్నా ఎక్కువ ఆపి తిరిగి మొదలుపెడితే నేర్చుకున్నది మళ్లీ మొదటికొస్తుంది. రూల్ ఆపడం, నువ్వు తెరవడం, అది మళ్లీ ఆపడం, ఇలా సాగితే అది ఎప్పటికీ కుదురుకోదు.

₹2,100 మరీ ఎక్కువ, అన్ని రోజులు ఆగలేను అంటావా, అప్పుడు ఆర్డర్ కన్నా ముందు జరిగేదాన్ని చూడు. కార్ట్‌లో వేయడం ఆర్డర్ల కన్నా చాలా ఎక్కువగా జరుగుతుంది. నీ సైట్‌లో ఒక ఆర్డర్‌కు సుమారు ఎనిమిది కార్ట్‌లు వస్తున్నాయనుకో, మంచి యాడ్ ఒక్కో కార్ట్‌ను ₹90 లోపే తెస్తుంది. దానికీ అదే మూడింతల లెక్క వేస్తే ₹270 ఖర్చయినా ఒక్క కార్ట్ రాకపోతే అది చూడాల్సిన సంగతే. చూడాల్సిన సంగతి అన్నాను, ఆపాల్సిన సంగతి అనలేదు. కార్ట్‌ల నిష్పత్తి యాడ్‌ను బట్టి మారుతుంది, అంచు క్లోజప్ చూసి ముచ్చటపడి కార్ట్‌లో వేసేవాళ్లు చాలామంది ధర చూసి వెళ్లిపోతారు. మగ్గం వీడియోకు వచ్చేవాళ్లు తక్కువ మంది అయినా, చేనేత అని తెలిసి ధరకు సిద్ధపడి వస్తారు. కాబట్టి కార్ట్ రూల్‌కు `Send notification only` మాత్రమే పెట్టు.

ఇక ఖర్చు చెయ్యి దాటడం. నువ్వు ఆపే రూల్‌తో డబ్బు కాపాడుకోవాలని చూశావు, ఆ పని దానిది కాదు. డబ్బుకు కంచె వేరే ఉంది.

రోజువారీ బడ్జెట్ అంటే ఆ రోజుకు గట్టి హద్దు అనుకుంటారు, కాదు. మెటా కొన్ని రోజులు రోజువారీ బడ్జెట్ మీద 75 శాతం దాకా ఎక్కువ ఖర్చు పెట్టొచ్చు, వారం మొత్తానికి మాత్రం ఏడు రోజుల బడ్జెట్ దాటదు. నీ ₹800 ఒక రోజు ₹1,400 అవ్వొచ్చు, అది మామూలే. గూగుల్‌లో ఒక రోజు రెండింతల దాకా పోవచ్చు, నెలకు మాత్రం రోజు బడ్జెట్‌ను 30.4తో గుణించినంతే. ఇది తెలియక "ఈ రోజు ₹1,000 దాటితే అన్నీ ఆపు" అని రూల్ పెడితే, మెటా బాగా అమ్ముడుపోతుందని చూసి ఎక్కువ పెట్టిన రోజే, అంటే మంచి రోజే, నీ రూల్ అడ్డం పడుతుంది. నీ విషయంలో ఆ గీత ₹1,400కు పైన ఉండాలి, నేనైతే ₹1,600 పెడతాను. అది దేనికంటే బడ్జెట్ కొట్టేటప్పుడు ₹400 బదులు ₹4,000 పడితే పట్టుకోవడానికి. చిన్న ఫోన్ మీద ఒక సున్నా ఎక్కువ పడటం ఎంత తేలికో చేసినవాళ్లకు తెలుసు. ఈ ఒక్క రూల్‌కే `Continuously` సరైనది. అప్పుడు కూడా అది కరెంటు ఫ్యూజులా టక్కున పడదు, అరగంట పడుతుంది, ఖర్చు అంకె రావడం కూడా కొంత వెనక ఉంటుంది, ₹1,600 అని పెడితే ₹1,800 దగ్గర ఆగొచ్చు.

నిజమైన గోడ అకౌంట్ స్పెండింగ్ లిమిట్. బిల్లింగ్ పేజీలో ఉంటుంది. నెలకు ₹25,000 అనుకుంటే అక్కడ ఆ అంకె పెట్టేయి, అది దాటితే ఖాతాలోని యాడ్స్ అన్నీ ఆగుతాయి, నువ్వు పెంచేదాకా లేదా రీసెట్ చేసేదాకా లేవవు. ఒకటో తారీఖు రీసెట్ చేయడం మర్చిపోతే రెండో తారీఖు నుంచి అమ్మకాలు ఉండవు, కాబట్టి ఫోన్‌లో అలారం పెట్టుకో. యాడ్స్ మేనేజర్‌లో కనిపించే ఖర్చులో జీఎస్టీ ఉండదు, దాని మీద 18 శాతం వేరు, ₹25,000 అంటే నీ చేతి నుంచి ₹29,500. ₹700 గిట్టుబాటు అన్నది జీఎస్టీ కలిపి వేశావా విడిగా వేశావా, అది కూడా చూసుకో.

ఒక జాగ్రత్త. ఖర్చు గీత తగిలి ఆగినవాటిని అర్ధరాత్రి మళ్లీ ఆన్ చేయమని ఇంకో రూల్ పెట్టేవాళ్లున్నారు. ఆ ఆన్ చేసే రూల్‌కు ఎవరు ఆపారో తెలియదు. స్టాక్ అయిపోయిందని నువ్వు చేత్తో ఆపిన చీర యాడ్‌ను కూడా అది లేపుతుంది. నీ బడ్జెట్‌కు అలాంటి రూల్ అసలు వద్దు.

అలర్ట్‌ల దగ్గరికి వస్తే, నాకు ఒక దెబ్బ తగిలింది, అది చెబితే నీకు తేలిగ్గా అర్థమవుతుంది. నల్లగొండ వైపు ఒక ఇక్కత్ చీరల దుకాణానికి యాడ్స్ చూసేవాడిని. బతుకమ్మ మొదలవడానికి నాలుగు రోజుల ముందు, ఏడాదిలో ఎక్కువ అమ్ముడయ్యే వారం అది, వాళ్ల సైట్ చూసే అబ్బాయి పండుగ కోసం కొత్త థీమ్ వేశాడు. ఆర్డర్ పూర్తయ్యాక వచ్చే పేజీలోని పిక్సెల్ కోడ్ ఆ థీమ్‌తో పోయింది. ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి, మెటాకు మాత్రం సున్నా. నేను అప్పుడు నీలాగే రోజు లెక్క మీద ఆపే రూల్ పెట్టి ఉన్నాను. మరుసటి రోజు సాయంత్రానికి ఆరు యాడ్సూ ఆగిపోయాయి. నేను ఊళ్లో లేను, రూల్స్ చూసుకుంటాయిలే అనుకున్నాను. రెండు రోజుల తర్వాత ఆ దుకాణం ఆయన ఫోన్ చేసి "ఏం సార్, పండుగ ముంగట ఫోన్లే వస్తలేవు" అంటే అప్పుడు తెరిచి చూశాను. ఆయన అప్పు చేసి స్టాక్ తెచ్చి పెట్టుకున్నాడు, ఆ రెండు రోజులు మళ్లీ రావు. అది ఇప్పటికీ నాకు బాధే.

అప్పటి నుంచి నేను నమ్మేది ఒకటుంది. ఒక యాడ్ ఒక్కటే పడిపోతే యాడ్‌ను అనుమానించాలి, అన్నీ ఒకేసారి పడిపోతే యాడ్‌ను కాదు, సైట్‌నో పిక్సెల్‌నో పేమెంట్‌నో అనుమానించాలి. రూల్‌కు ఈ తేడా తెలియదు, దానికి రెండూ ఒకే సున్నాలా కనిపిస్తాయి. అందుకే మొత్తం క్యాంపెయిన్ మీద ఒక అలర్ట్ పెట్టు, గత 3 రోజుల్లో ఖర్చు ₹2,100 దాటి ఆర్డర్లు ఒకటి కూడా లేకపోతే చెప్పమని. అది వచ్చిన రోజు మొదట సైట్‌లోని ఆర్డర్ల లిస్ట్ తెరువు. అక్కడ ఆర్డర్లు ఉండి యాడ్స్ మేనేజర్‌లో లేకపోతే సంగతి తేలిపోయింది. ఆ తర్వాత `Events Manager`లో చూడు: `AddToCart` వస్తూ `Purchase` మాత్రమే ఆగిపోతే ఆర్డర్ పూర్తయ్యే పేజీలోనే లోపం, లేదా పేమెంట్ దగ్గర ఇరుక్కుంటున్నారు, నువ్వే వేరే ఫోన్ నుంచి ఒక చీర కొని చూడు. అన్నీ ఆగిపోతే పిక్సెల్ మొత్తం పోయింది.

రెండో అలర్ట్ దీనికి తిరగబడి ఉంటుంది: నిన్న ఖర్చు ₹200 కన్నా తక్కువైతే చెప్పమని. కార్డు డిక్లైన్ అయినా, యాడ్ రిజెక్ట్ అయినా, లిమిట్ తగిలినా ముందు కనిపించేది ఖర్చు పడిపోవడమే. డబ్బు పోకపోతే మనకు హాయిగానే ఉంటుంది, అందుకే ఎవరూ గమనించరు. కార్ట్ అలర్ట్‌తో కలిపి మూడు, అంతకన్నా వద్దు. రోజుకు పది మెసేజ్‌లు వస్తే పదకొండోదాన్ని చదవవు, అసలైంది ఆ పదకొండోదే అవుతుంది.

ఆపే రూల్స్ రెండింటినీ ఇప్పుడే ఆన్ చేయకు. మొదటి మూడు వారాలు అవే షరతులతో `Send notification only` పెట్టు. మెసేజ్ వచ్చినప్పుడల్లా నోట్‌బుక్‌లో యాడ్ పేరు, ఆ రోజు ఖర్చు, ఆర్డర్లు రాసుకో, వారం తర్వాత అదే యాడ్ ఎలా ఉందో పక్కన రాయి. రూల్ ఆపమన్న యాడ్ తర్వాతి వారం ₹700కే ఆర్డర్లు తెస్తే గీత ఇంకా దగ్గరగా ఉందని అర్థం, ఖర్చు అలాగే పోతూ ఉంటే గీత సరిగ్గా ఉంది, అప్పుడు ఆపే పని దానికి అప్పగించు. దసరా, పెళ్లిళ్ల సీజన్ ముందు రెండు వారాలు మళ్లీ నోటిఫికేషన్‌కే మార్చు, ఆ రోజుల్లో చూసేవాళ్లు ఎక్కువ, ఆలోచించేవాళ్లు ఎక్కువ, ఆర్డర్ ఇంకా ఆలస్యంగా వస్తుంది.

ఇప్పుడు చేతిలో ఉన్న నాలుగింటి సంగతి. పాత రూల్‌ను తీసేయి, వట్టిగా ఆఫ్ చేస్తే ఎప్పుడో మళ్లీ ఆన్ చేస్తావు. మగ్గం వీడియో, ఫోటోల యాడ్ ఈ రెండింటిని చెరో యాడ్ సెట్‌లో ₹400తో మొదలుపెట్టు. ఆ రెండే ఎందుకంటే ఒకటి నేత చూపిస్తుంది, ఒకటి రంగులూ ధరలూ చూపిస్తుంది, రెండూ వేరే రకాల వాళ్లను పిలుస్తాయి, అంచు వీడియో మగ్గం వీడియోకు దగ్గరగానే ఉంది. పద్నాలుగు రోజులు ముట్టుకోకు, అలర్ట్ వస్తే తప్ప. ఆ తర్వాత వెనకబడిన దాని స్థానంలో మీ వదిన వీడియో పెట్టు, దానికి మొదటి నుంచి ₹2,100 పూర్తిగా ఇవ్వు. పద్నాలుగో రోజు లెక్క ఇక్కడే రాయి, వాట్సాప్ ఆర్డర్లు కూడా కలిపి, గీత ఎక్కడికి జరపాలో చూద్దాం.